తామర దుంపలు కొరియర్‌లో అమ్మాను: లిస్టింగ్‌లో ఏం రాశాను, ఆ తర్వాత ఏం జరిగింది

ఈ సంక్రాంతి తర్వాత నుంచి మార్చి రెండో వారం దాకా మా మిద్దె మీద పెంచిన తామర దుంపలు ఆన్‌లైన్‌లో పెట్టి అమ్మాను. మాది విజయవాడ. మొక్కలు అమ్మడం ఇదే మొదటిసారి. పెట్టేముందు చాలామందిని అడిగాను, దుంప ఏ దశలో ఉందో ఎలా రాయాలి, దారిలో ఎన్ని రోజులు తట్టుకుంటుంది, పాడైతే తప్పు ఎవరిదని ఎలా తేల్చాలి అని. "పెట్టేయండి, అవే అమ్ముడుపోతాయి" అన్నారు తప్ప ఎవరూ వివరంగా చెప్పలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, తామర పెంచుతూ నాలుగు దుంపలు అమ్ముదాం అనుకునేవాళ్లకి పనికొస్తుందని.

డిసెంబర్‌లోనే టబ్‌లకి ఎరువు ఆపేశాను. చలికి ఆకులు పసుపెక్కి ఎండిపోతున్నాయంటే మొక్క తన బలాన్ని కిందకి దించి దుంప కడుతోందని అర్థం. అప్పుడు పచ్చి ఆకులు కోయకూడదు. సంక్రాంతి పార్సిళ్ల రద్దీ తగ్గాక, జనవరి మూడో వారంలో టబ్‌లు ఒక్కొక్కటీ బోర్లించాం. ఇది ఇద్దరు మనుషుల పని. ఇరవై అంగుళాల టబ్‌లో తడి బంకమట్టి ఎంత బరువుంటుందో ఎత్తితేగానీ తెలియదు. మట్టిని చేత్తో తవ్వకూడదు, పైపుతో నీళ్లు పోస్తూ మెల్లగా కరిగించాలి. దుంపలు టబ్ గోడ వెంబడి గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి, లాగితే ముందు విరిగేది కొసనున్న మొలకే. ఆ మొలక విరిగితే ఆ దుంప ధర సగానికి పడిపోతుంది, కొన్నిసార్లు అసలు పనికే రాదు.

దుంప కోసేటప్పుడు ఒక విషయం చూసుకోవాలి. తామర దుంప లోపల పొడుగునా గొట్టాల్లాంటి రంధ్రాలుంటాయి. అమ్మే ముక్కకి రెండు కణుపుల మధ్య భాగం చెక్కుచెదరకుండా ఉండాలి, కత్తి కణుపు దాటాక అవతలివైపు పడాలి. కణుపు దగ్గర ఆ రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి కాబట్టి నీళ్లూ బురదా లోపలికి పోవు. మధ్యలో కోస్తే పైకి బాగానే కనిపిస్తుంది, నాటిన పది రోజులకి లోపల్నుంచి కుళ్లుతుంది. కొన్నవాళ్లు పాపం తమ మట్టిదే తప్పనుకుంటారు. అందుకే ప్రతి దుంపకి కోసిన కొస కూడా కనిపించేలా ఇంకో ఫొటో తీశాను. ఇలా తీసేవాళ్లు తక్కువ. తీయాలి.

కడిగినవన్నీ మూడు రకాలుగా విడదీశాను. మొదటివి లావుగా, కనీసం రెండు కణుపులతో, కొసన మొలక ముడుచుకుని గట్టిగా ఉన్నవి. ఇవి నిద్రలో ఉన్నవి, ప్రయాణం బాగా తట్టుకుంటాయి. రెండోవి మొలక అప్పటికే సాగి, చుట్టిన చిన్న ఆకు బయటికొచ్చినవి. ఇవి నాటగానే త్వరగా లేస్తాయి గానీ దారిలో విరిగే ప్రమాదం ఎక్కువ. మూడోవి రన్నర్లు, పెన్సిల్ లావు తీగలు. వీటిలో నిల్వ ఆహారం ఉండదు, వారం రోజులు పెట్టెలో ఉంటే చాలావరకు నీరసించిపోతాయి. మా దగ్గరి నర్సరీలో, వాట్సాప్ గ్రూపుల్లో ఈ మూడింటినీ "తామర దుంప" అనే ఒకే పేరుతో అమ్మడం చూశాను. రన్నర్‌ని దుంప ధరకి కొన్న మనిషి దాన్ని బతికించలేక మళ్లీ తామర జోలికే పోడు. నేను రన్నర్లు కొరియర్‌లో పెట్టలేదు, ఊళ్లోవాళ్లు వచ్చి బకెట్‌లో పట్టుకెళ్లేట్టయితేనే ఇచ్చాను, అదీ యాభై రూపాయలకి.

పార్సిల్ ఎన్ని రోజులు తట్టుకుంటుందో తెలియకుండా లిస్టింగ్ రాయడం నాకు మనస్కరించలేదు. మొదటి రకంలో ఒకటి, రెండో రకంలో ఒకటి తీసుకుని, అచ్చం కొరియర్‌కి ఇచ్చేటట్టే ప్యాక్ చేసి, అట్టపెట్టెలో పెట్టి మూసి, వంటింటి అటక మీద వారం రోజులు ఉంచాను. పగలు అక్కడ బాగానే వేడెక్కుతుంది. తీసి చూస్తే నిద్రలో ఉన్న దుంప మొలక వేలెడు పొడుగు సాగింది, తెల్లగా, కొంచెం వంకరగా, కానీ గట్టిగానే ఉంది. రెండోదాని మొలక చీకట్లో వెలుతురు వెతుక్కుంటూ పెట్టె మూల దాకా పోయి మడతపడి, ఆ మడత దగ్గర గోధుమరంగు తిరిగింది. రెండింటినీ నీళ్లలో వేశాను, మొదటిది లేచింది, రెండోది కొస నల్లబడి పోయింది. ఇది చూశాకే రెండో రకం దుంపలని రెండు రోజుల్లో చేరే ఊళ్లకి మాత్రమే పంపాలని నిర్ణయించుకున్నాను.

అప్పుడు లిస్టింగ్ రాశాను. పాడైతే ఏం చేయాలన్న షరతులు వదిలేస్తే, నేను పెట్టిన మాటలు దాదాపు ఇవే:

"గులాబీ రంగు తామర. పేరు నాకు తెలియదు, కొన్నప్పుడు చెప్పిన పేరు ఖాయం కాదు కాబట్టి రాయడం లేదు. పువ్వు ఫొటో మా మిద్దె మీద నిరుడు జూన్‌లో తీసింది. మీకు వచ్చేది పువ్వు కాదు, మొక్కా కాదు, ఆకులు లేని దుంప. కింద స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటోలో ఉన్నదే వస్తుంది. మొలక ఒకటి, కణుపులు రెండు. చేరేసరికి మొలక సాగి తెల్లగా వంకరగా ఉండొచ్చు, అది పాడైనట్టు కాదు. ఫిబ్రవరిలో నాటితే రెండు వారాల లోపు నీటి మీద తేలే చిన్న ఆకులు, నెల నెలన్నరకి పైకి నిలబడే ఆకులు, రెండున్నర నుంచి నాలుగు నెలల్లో మొగ్గ. రోజుకి ఆరు గంటల నేరుగా పడే ఎండ లేకపోతే ఆకులే వస్తాయి, పువ్వు రాదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఎండ తక్కువుంటే దయచేసి కొనకండి. మా టబ్‌లో చిన్న నత్తలు ఉన్నాయి, దుంపని కడిగి పంపుతున్నాను, అయినా నాటేముందు ఇంకోసారి కడగండి."

మా తమ్ముడు చదివి "అక్కా, కొనకండి అని అమ్మేవాళ్లు రాస్తారా?" అన్నాడు. నత్తల మాట తీసేయమన్నాడు. తీయలేదు. నత్త గుడ్లు జిగురు ముద్దలా ఆకు అడుగున, దుంప కణుపుల దగ్గర అంటుకుని ఉంటాయి, కంటికి సరిగ్గా ఆనవు. అవతలివాళ్ల టబ్‌లోకి చేరితే లేత ఆకులన్నీ జల్లెడ చేస్తాయి. ఎప్పుడూ నత్తలు లేని ఇంటికి నా వల్ల నత్తలు పోవడం నాకిష్టం లేదు.

జనవరి ఆఖర్లో పెట్టాను. మొదటి వారం దాదాపు ఖాళీ. మెసేజ్‌లు మాత్రం బోలెడు. ఎక్కువమంది అడిగింది ఒకటే, "పువ్వుతో ఉన్న మొక్క లేదా మేడమ్?" పువ్వున్న తామరని కొరియర్‌లో పంపడం కుదరదని ప్రతి ఒక్కరికీ చెప్పాల్సి వచ్చింది. ఆకు కాడ లోపల బోలుగా ఉంటుంది, పెట్టెలో పెడితే మడతపడి విరుగుతుంది. నీళ్లలోంచి తీసిన కాసేపటికే ఆకు చుట్టుకుపోతుంది. వేర్లు కదిపాక ఉన్న ఆకులు ఎలాగూ ఎండిపోతాయి. అంటే మొక్క అని డబ్బు తీసుకుని పంపినా, వాళ్లింట్లో బతికేది కింద ఉన్న దుంపే. ఈ మాట చెప్తే కొందరు "వేరే వాళ్లు మొగ్గతో పంపుతామన్నారు" అని వెళ్లిపోయారు. అప్పుడు నిజంగా బాధేసింది. డబ్బు పోయిందని కాదు, వాళ్లకి వచ్చేది ఏమిటో నాకు తెలుసు కాబట్టి.

ఇంకో ఎక్కువ అడిగిన ప్రశ్న విత్తనాల గురించి. "నీలం తామర విత్తనాలు ఉన్నాయా, వెయ్యి రేకుల తామర విత్తనాలు ఉన్నాయా" అని. నీలం రంగు తామర లేదు. నీలంగా ఉండేది కలువ, దాని ఆకు నీటి మీద తేలుతుంది, ఆకుకి ఒకవైపు చీలిక ఉంటుంది. తామర ఆకు గుండ్రంగా, చీలిక లేకుండా, పెరిగాక నీటికి పైన గొడుగుపట్టి నిలబడుతుంది. కలువ విత్తనం ఆవగింజంత చిన్నది, తామర విత్తనం శనగగింజ కంటే పెద్దది, రాయంత గట్టిది. కాబట్టి నీలం పువ్వు బొమ్మ వేసి నల్లటి గట్టి గింజలు ఇస్తున్నారంటే అది మోసమని ఆ గింజ చూసే చెప్పొచ్చు. వెయ్యి రేకుల తామరది ఇంకో కథ. ఆ పువ్వులో కేసరాలూ, మధ్యన ఉండాల్సిన కాయ భాగమూ రేకులుగా మారిపోయి ఉంటాయి, ఇక గింజ కట్టడానికి చోటే లేదు. అది దుంప ద్వారానే పెరుగుతుంది. దాని విత్తనాలని అమ్ముతున్నవాళ్లు ఏవో మామూలు తామర గింజలు ఇస్తున్నారు.

నా దగ్గర గులాబీ తామర కాయల నుంచి తీసిన గింజలున్నాయి. వాటినీ పెట్టాను గానీ ఇలా రాశాను: తల్లి మొక్క గులాబీ రంగుదే అయినా పిల్ల మొక్క అదే రంగులో, అన్నే రేకులతో వస్తుందని చెప్పలేను, మా మిద్దె మీద పక్కపక్కనే వేరే రంగు తామరలున్నాయి, తేనెటీగలు అన్నిటి మీదా తిరుగుతాయి. పూత రావడానికి ఏడాది, ఆ పైన కూడా పట్టొచ్చు. గింజకి మొన తేలిన వైపు కాకుండా అవతల గుంటలా ఉన్న వైపు గరుకు కాగితంతో లోపలి తెల్లదనం కనిపించేదాకా అరగదీసి, రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. అరగదీయకపోతే నెలలు గడిచినా అలాగే పడుంటుంది. పంపేముందు అన్నిటినీ నీళ్లలో వేసి, తేలినవి పారేసి మునిగినవే కవర్లో వేశాను. పది గింజలకి అరవై రూపాయలు. ఇవి నెమ్మదిగానే అయినా ఒక్క ఫిర్యాదు లేకుండా అమ్ముడుపోయాయి.

దుంపలకి ఆర్డర్లు ఫిబ్రవరి మొదటి వారంలో మొదలయ్యాయి. ధర మూడు వందల యాభై పెట్టాను. పేరున్న రకమైతే ఏడెనిమిది వందలు కూడా పలికేది, కానీ ఖాయంగా తెలియని పేరు తగిలించి డబ్బు తీసుకోలేను. ఆశ్చర్యం ఏమిటంటే కొన్నవాళ్లలో చాలామంది "కొనకండి" అన్న లైన్ చూసే నమ్మి కొన్నామని చెప్పారు.

ప్యాకింగ్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఖర్చంతా ఇక్కడే కనిపించింది. దుంపని ఫంగిసైడ్ కలిపిన నీళ్లలో కాసేపు ముంచి తీసి, నీడన తడి ఆరనివ్వాలి. తర్వాత తడిపి గట్టిగా పిండేసిన న్యూస్‌పేపర్ చుట్టాలి, పిండితే చుక్క పడకూడదు. నీళ్లు కారేంత తడి ఉంటే దారిలో కుళ్లుతుంది, పొడిగా ఉంటే మొలక ఎండుతుంది. దాని మీద వంటింట్లో వాడే క్లింగ్ ఫిల్మ్. మొలక కాపాడటానికి కరెంటు వైరింగ్‌కి వాడే ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ కొని, దుంప కంటే నాలుగు వేళ్లు పొడుగ్గా ముక్కలు కోసి, దుంపని దాని గాడిలో పడుకోబెట్టి కట్టాను, మొలక కొసకి ముందు ఖాళీ ఉండేట్టు. దారిలో సాగినా ఆ ఖాళీలోకి సాగుతుంది, పెట్టె గోడకి తగలదు. అట్టపెట్టె, పట్టీ, టేపు, ఫిల్మ్ అన్నీ కలిపి ఒక్కో పార్సిల్‌కి నలభై ఐదు దాకా అయింది, కొరియర్ దూరాన్ని బట్టి ఎనభై నుంచి నూట నలభై. ఇది నేను కొనేవాళ్లకి ముందే విడిగా చెప్పాను. సోమ, మంగళవారాల్లోనే పంపాను, గురువారం తర్వాత ఇస్తే ఆదివారం ఏదో గోడౌన్‌లో వేడికి పడి ఉంటుంది.

అన్నీ సజావుగా సాగలేదు. ఫిబ్రవరి చివర్లో అనంతపురం పంపిన పార్సిల్ ఒకటి ట్రాకింగ్‌లో కదలడం ఆగిపోయింది. వేరే ఊరి సెంటర్‌కి పోయి అక్కడే ఉంది. కొరియర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే "రేపు వస్తుంది" అని రోజూ అదే మాట. కొన్నావిడ ఓపిగ్గానే ఉన్నారు, నాకే రాత్రుళ్లు టెన్షన్. పంపిన ఎనిమిదో రోజు సాయంత్రం చేరింది. డబ్బా తెరిచేటప్పుడు కట్ చేయకుండా వీడియో తీయమని లిస్టింగ్‌లోనే రాశాను కాబట్టి ఆవిడ తీసి పంపారు. మొలక జానెడు సాగి, ఖాళీ చాలక వంగి, కొస విరిగి ఉంది. విరిగిన చోటు తెల్లగా, రంధ్రాలు స్పష్టంగా కనిపిస్తూ, వాసన లేకుండా ఉందని ఆవిడ చెప్పారు. అంటే విరిగి ఎంతోసేపు కాలేదు, కుళ్లు లేదు. నేను రాసిన ప్రకారం డబ్బు వెనక్కి ఇవ్వడమో ఇంకో దుంప పంపడమో చేయాలి. ఆవిడ దుంపే అడిగారు, పంపాను. విరిగినదాన్ని పారేయకుండా వెడల్పాటి బకెట్‌లో మట్టి లేకుండా నీళ్లలో వేసి, పొద్దుటి ఎండ తగిలే చోట పెట్టి, రోజు విడిచి రోజు నీళ్లు మార్చమన్నాను. రెండో కణుపు దగ్గర నిద్రపోయే మొగ్గ ఒకటి ఉంటుంది, దాని కోసం. రెండు వారాలు దాటాక అక్కడి నుంచి నాణెమంత ఆకు వచ్చిందని ఫొటో పెట్టారు. కొరియర్ వాళ్లు ఆలస్యానికి నాకు రూపాయి కూడా ఇవ్వలేదు, పచ్చి మొక్కలకి బాధ్యత లేదని రసీదు వెనక ఉందట.

రెండో గొడవ ఇంకోలాంటిది. హైదరాబాద్‌లో ఒకాయన, చేరిన మూడు వారాలకి "మీరు కుళ్లిన దుంప పంపారు" అని మెసేజ్ పెట్టారు, మాట కూడా గట్టిగానే ఉంది. చేరిన రోజు ఫొటోలో దుంప గట్టిగా, మొలక తెల్లగా ఉంది, అది ఆయన పంపిందే. ఏం మట్టి వాడారండీ అని అడిగి టబ్ ఫొటో పెట్టమన్నాను. నీళ్లు నల్లగా, పైన నురగ, బుడగలు. పచ్చి పేడ కలిపిన మట్టి, దుంపని మొలకతో సహా అరచేయంత లోతున పాతేశారు. మాగని పేడ నీటి అడుగున పులిసి చెడు వాయువులు పుట్టిస్తుంది, ఇంకా వేర్లే రాని దుంపకి అది విషం. దుంప మెత్తగా, గోధుమరంగులో, మురుగు వాసనతో ఉందంటే అది నాటాక జరిగిందే, దారిలో దెబ్బ తిన్నదైతే చేరిన రోజే దెబ్బ చోటు కనిపించి ఉండేది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి ఇదే వివరించాను. డబ్బు వెనక్కి ఇవ్వలేదు, ఇవ్వాల్సిన పని కూడా లేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. ఊళ్లోవాళ్ల కోసం ఉంచిన రన్నర్లలో ఒకటి మా తమ్ముడు హైదరాబాద్ వెళ్తుంటే తడిగుడ్డలో చుట్టి ఇచ్చి పంపాను. ఆయన కాస్త మెత్తబడి ఎలా నాటాలో మళ్లీ అడిగి రాసుకున్నారు.

ఆ తర్వాత ప్రతి పెట్టెలోనూ ఒక చీటీ పెట్టాను, పెద్ద అక్షరాలతో. అడుగున గుప్పెడు బాగా మాగిన పేడ ఎరువు, దాని మీద చెరువు మట్టి లేదా బంకమట్టి అరటబ్ దాకా, కోకోపీట్ వద్దు, అది నీళ్ల మీదకి తేలి గలీజు చేస్తుంది. దుంపని మట్టి మీద అడ్డంగా పడుకోబెట్టి నడుము మీద మాత్రం మట్టి కప్పి, తేలిపోకుండా చిన్న రాయి పెట్టాలి, మొలక మాత్రం పైకి, నీళ్లలోకి తెరిచి ఉండాలి. పైన నాలుగు వేళ్ల నీళ్లు చాలు. ఆకులు నీటికి పైన నిలబడేదాకా ఏ ఎరువూ వేయొద్దు. నీళ్లలో రెండు మూడు గప్పీ చేపలు వదిలితే దోమలు పెరగవు. మొదటి పువ్వు ఫొటోలోదానికంటే చిన్నగా, తక్కువ రేకులతో రావచ్చు, మండే ఎండల్లో రంగు కూడా వెలుస్తుంది, అది వేరే రకం వచ్చినట్టు కాదు.

ఆ చివరి లైన్ లేకపోతే మే నెలలో మళ్లీ గొడవలయ్యేవి. ఒకావిడ మొదటి పువ్వు చూసి "అక్కా, ఇది మీ ఫొటోలోదేనా" అని అడిగారు, చీటీ చూడమంటే చూసి సరే అన్నారు, మూడో పువ్వు ఫొటోలోలాగే వచ్చింది.

అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు రెండు దుంపలు ఎవరిచేతైనా పంపమంది. వేర్లున్నవీ దుంపలూ, తెగుళ్లు లేవని ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అక్కడి అనుమతి లేకుండా పంపితే విమానాశ్రయంలో తీసి పారేస్తారు, తెచ్చినవాళ్లకి జరిమానా కూడా పడొచ్చు, వద్దన్నాను. లిస్టింగ్‌లో కూడా "ఇండియాలో మాత్రమే" అని చేర్చాను.

మార్చి రెండో వారంలో ఆపేశాను. అప్పటికి పగటి వేడి ముదిరింది, టబ్‌లలో మిగిలిన దుంపలన్నీ లేచి ఆకులు తొడిగాయి, అలాంటివాటిని తీసి పెట్టెలో పెడితే చంపినట్టే. ఇంకా అడుగుతున్నవాళ్లకి "స్టాక్ ఉంది, పంపే దశ దాటిపోయింది, జనవరిలో చెప్తాను" అని జవాబిచ్చి పేర్లు రాసుకున్నాను. ప్యాకింగ్, అనంతపురానికి బదులుగా మళ్లీ పంపిన దుంప, పోయిన కొరియర్ డబ్బు అన్నీ తీసేస్తే చేతికి ఆరు వేల చిల్లర మిగిలింది. అందులో సగం కొత్త టబ్‌లకీ, ట్రాక్టర్ చెరువు మట్టికీ పోయింది. ఈసారి జనవరిలో కేసింగ్ పట్టీలు ఇంకా బాగా పొడుగ్గా కోయించాలి, దూరం ఊళ్లకి అనంతపురం పార్సిల్ లాంటి ఆలస్యమైనా మొలక వంగకుండా.